ఐదు తులాల బాకీ

కావలి గోవర్ధన్ అబద్ధాలాడే మనిషి కాదు. ఎయిర్‌పోర్టు కార్గోల లోడర్‌గ చేరి, పద్దెనిమిదేండ్లు చేసి, సూపర్‌వైజర్‌గ దిగిండు. ఆయన చేతి మీదికెళ్లి కోట్ల సామాన్ పోయింది, ఒక్క డబ్బా తక్కువ రాలే. గసొంటి మనిషి ఇంట్ల ఒకే ఒక్క అబద్ధమాడిండు. ఆడి ఊకున్నడా అంటే అదీ లేదు, దాన్ని ఆరేండ్లు గడ్డేసి మేపిండు.

సంగతేందంటే, ఆరేండ్ల కింద శంషాబాద్ పక్కన సాతంరాయిల ఇంటికి స్లాబ్ ఏసేటప్పుడు లక్ష తక్కువ పడ్డది. అప్పటికే ఇంటి మీద బ్యాంకు లోన్ ఉంది, బ్యాంకోళ్లు ఇంక ఇయ్యం అన్నరు. మంఖాల్‌ల ఉండే అక్క దుర్గవ్వకు ఈ ముచ్చట తెలిసి, మరునాడు పొద్దుగాలనే ఆటో ఎక్కి వచ్చింది. మెడలకెళ్లి బంగారు గుండ్లపేరు తీసి తమ్ముని చేతుల పెట్టింది. ఐదు తులాలు. రోడ్డుకింద అత్తగారి పొలం పోయినప్పుడు వచ్చిన పైసలల్ల ఆమెకు మిగిలింది అదొక్కటే. తక్కినయన్నీ బావ చెన్నయ్య ట్రాక్టరని, బోరని, దోస్తులని ఊదేసిండు.

"మీ బావకు చెప్పకు తమ్మీ. బ్యాంకు లాకర్ల పెట్టిన అని చెప్పుకుంట. నీ పని కానీ, నిమ్మళంగ ఇడిపించి ఇయ్యి" అన్నది.

గోవర్ధన్ ఆ గుండ్లపేరు శంషాబాద్ బస్టాండ్ దగ్గర మిఠాయి దుకాణం మీద ఉన్న బంగారం కంపెనీల కుదవపెట్టి లక్ష తెచ్చిండు. స్లాబ్ పడ్డది. అక్కడి దాక అంతా ధర్మమే.

తర్వాత ఏమైందంటే, బంగారం ధర పెరిగింది. ధర పెరిగితే కంపెనీకెళ్లి ఫోన్ వస్తది: సార్, మీ నగ మీద ఇంకింత వస్తది, తీసుకుంటరా అని. కరోనాల సగం జీతం చేసినప్పుడు ఒకసారి పోయిండు. పాత అప్పు, వడ్డీ అందుల్నే కలిపి లక్షా యాభై రాసిన్రు. మల్ల పోయిన ఏడాది ఆగస్టుల బిడ్డ చదువు ఫీజుకు పోయిండు. ఈసారి రెండు లక్షల నలభై వేలు. అదే నగ, అదే ఐదు తులాలు. ఇంట్ల మాత్రం పెండ్లం రుక్కమ్మకు, బిడ్డ కీర్తనకు, మంఖాల్‌ల అక్కకు ఒకటే లెక్క: లక్ష, పన్నెండు శాతం. పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగినట్టు, ఆయన ఆ లెక్కను తనకు తాను గూడ అట్లనే చెప్పుకునెటోడు.

అక్టోబర్ ఆఖరుకు గోవర్ధన్ రిటైర్ అయిండు. శాలువ కప్పిన్రు, ఫోటో దిగిన్రు. నవంబర్ మూడో వారంల గ్రాట్యుటీ రెండు లక్షల నలభై తొమ్మిది వేలు, మిగిలిన సెలవులకు ముప్పై ఆరు వేలు, మొత్తం రెండు లక్షల ఎనభై ఐదు వేలు ఖాతాల పడ్డయి. పీఎఫ్ మాత్రం రాలే. కంపెనీ కాయితాలల్ల 'కె. గోవర్ధన్' అని ఉంది, ఆధార్ల 'కావలి గోవర్ధన్' అని ఉంది. పేరు దిద్దించి మల్ల పెట్టుకోమని క్లెయిమ్ ఎనుకకొచ్చింది. దిద్దించి పెట్టిండు. ఐదు లక్షల తొంబై వేలు వస్తయని చూపిస్తున్నది గనీ, ఏ రోజు వస్తయో చూపిస్తలేదు.

ఆ ఆదివారం కీర్తన వంటింటి గడప పక్కన నోట్‌బుక్ పట్టుకొని కూసున్నది. ఎంబీఏ చదివి ఎయిర్‌పోర్టు దగ్గరనే ఒక కొరియర్ ఆఫీసుల లెక్కలు చూస్తది, నెలకు పందొమ్మిది వేలు. రుక్కమ్మ చిక్కుడుకాయలు తుంచుతున్నది. గోవర్ధన్ కుర్చీల ఉన్నడు. విమానం ఇంటి మీదికెళ్లి పోయేదాక ముగ్గురూ ఊకున్నరు, తర్వాత కీర్తన మొదలుపెట్టింది.

"ఎక్కువ వడ్డీది ముందు చంపాలె బాపు. పాండు సేటు దగ్గర నోటు మీద తెచ్చిన లక్ష, నెలకు నూటికి మూడు రూపాయలు. ఏడాదికి ముప్పై ఆరు శాతం అది. అప్పు కాదు, పాము. దాని తర్వాత పర్సనల్ లోన్ లక్షా డెబ్బై వేలు, పదిహేను శాతం. ముందే మూస్తే ఫైను, జీఎస్టీ కలిపి ఆరు వేలయితది. అయినా మూసుడే మేలు, లేకుంటే ఇంకో రెండున్నరేండ్లల్ల ముప్పై మూడు వేల వడ్డీ తింటడు."

"అటెన్క?" అన్నది రుక్కమ్మ.

"అటెన్క అత్త బంగారం. లక్ష, పన్నెండు శాతం, వడ్డీ గిట్ట కలిపి లక్షా పన్నెండు అనుకుందాం. ఆఖరుకు ఇల్లు. నాలుగు లక్షల అరవై వేలుంది, తొమ్మిది శాతం. అన్నిట్ల తక్కువ అదే."

రుక్కమ్మ మనసుల లెక్క వేసుకున్నది. బడికి పోలేదు గనీ లెక్కల ఆమెను మించినోళ్లు లేరు. "పీఎఫ్ గూడ వస్తే, అన్నీ పోంగ ఇరవై ఏడు వేలు మిగుల్తయి. చాలు. ఇంటి కాయితాలు తెచ్చి నా బీరువల పెట్టుండ్రి. అప్పు లేనోడే అధిక సంపన్నుడు."

"ఇరవై ఏడు వేలు పట్టుకొని ఏం సంపన్నుడే అవ్వా. బాపుకు పింఛను వచ్చేది మూడు వేల చిల్లర. రేపు ఎవరికన్న దవాఖాన పడితే? ఉద్యోగం లేనోనికి ఏ బ్యాంకోడు లోన్ ఇయ్యడు. ఇల్లు తొమ్మిది శాతంకు ఉంది, డిపాజిట్ చేస్తే మనకు ఏడు దాక వస్తది. రెండు రూపాయలు పోతె పోనీ, పైసలు చేతుల ఉంటయి. ఇంటి కిస్తీ తొమ్మిది వేల ఎనిమిది వందలు నా జీతంల కడుదాం. కనీసం ఆరు నెలల ఖర్చు ఇంట్ల ఉండాలె, ముట్టొద్దు."

"నాకు దవాఖాన గిట్ల వద్దు. కాయితాలు నా బీరువల ఉంటే అదే నాకు దవాఖాన" అన్నది రుక్కమ్మ. పదకొండేండ్లాయె ఆమె ఆ కాయితాల కోసం చూడవట్టి. కిస్తీ కట్టిన ప్రతి నెల క్యాలెండర్ మీద పసుపు బొట్టు పెట్టేది.

తల్లీ బిడ్డలు ఇల్లు తీర్చాల్నా పైసలు ఉంచాల్నా అని గంట సేపు కొట్లాడిన్రు. ఇద్దరి లెక్క సరైందే. ఇద్దరి లెక్కల కింద ఉన్న అంకె తప్పు. ఆ సంగతి తెలిసినోడు కుర్చీల కూసొని చిక్కుడుకాయ పీచు తీసుకుంట ఉన్నడు.

ఆయన స్కూటర్ డిక్కీల ఒక రిజిస్టర్ ఉత్తరం ఉంది. ఏడాది గడువు ఆగస్టుల్నే అయిపోయింది, ఒక్క నెల వడ్డీ కట్టలేదు, కట్టకపోతే పన్నెండు శాతం కాస్త ఇరవై రెండు అయితదని కాయితం మీద ముందే రాసి ఉంది. అసలు, వడ్డీ, నోటీసు ఖర్చులు మొత్తం మూడు లక్షల పన్నెండు వేలు. డిసెంబర్ తొమ్మిది సాయంత్రం లోపల కట్టకపోతే పదో తారీఖున వేలం.

గోవర్ధన్ లోపల ఇంకో లెక్క నడుస్తున్నది. పీఎఫ్ ఎనిమిదో తారీఖు లోపల వస్తది. వచ్చినంక బిడ్డకు తెల్వకుండ మూడు లక్షలు తీసి, గుండ్లపేరు తెచ్చి, ఏదో ఒకటి చెప్పొచ్చు. మాఘంల అక్కను పుట్టింటికి పిలిచి ఒడిబియ్యం పోయాలని రుక్కమ్మ ఎప్పుడో అనుకున్నది. అక్క గూడ ఫోన్ల సంబరంగ చెప్పింది, ఈసారి నా గుండ్లపేరు వేసుకొని కూసుంట తమ్మీ అని. అప్పటికి అంతా సర్దుకుంటది.

"ఏమంటవ్ బాపు? ఇల్లు సంగతి పీఎఫ్ వచ్చినంక చూద్దాం. ఈ వచ్చిన పైసలతోటి పాండు సేటుది, పర్సనల్ లోన్ రేపే కట్టేద్దామా? రెండు లక్షల డెబ్బై ఆరు వేలయితయి."

నోరు తెరిస్తే అప్పుడే తెరవాలె. తెరిచి, బిడ్డా, ముందు బంగారం అంటే చాలు. కానీ బంగారం ముందెందుకు అని అడుగుతది. పన్నెండు శాతందానికి అంత తొందరేంది అని అడుగుతది. బిడ్డ మొఖం చూసిండు, పెండ్లం చేతులల్ల చిక్కుడుకాయలు చూసిండు.

"కట్టుండ్రి" అన్నడు.

సోమవారం కట్టేసిన్రు. పాండు సేటు ప్రామిసరీ నోటు చింపి చేతుల పెట్టిండు. పర్సనల్ లోన్ మూసినట్టు బ్యాంకు ఉత్తరం వచ్చింది. కీర్తన నోట్‌బుక్కుల రెండు గీతలు కొట్టి, తండ్రికి జిలేబి తెచ్చి పెట్టింది. ఆయన తిన్నడు, తిననట్టే ఉంది. ఖాతాల తొమ్మిది వేలు మిగిలినయి.

డిసెంబర్ ఎనిమిది వచ్చింది, పీఎఫ్ రాలే. ఫోన్ల చూస్తే క్లెయిమ్ నడుస్తున్నది అనే ఉంది. గోవర్ధన్ బంగారం కంపెనీకి పోయిండు. మేనేజర్ శివరామకృష్ణది రాజమండ్రి దిక్కు, మాట నెమ్మది, మనిషి మంచోడే.

"సార్, జర వారం రోజులు ఆపుండ్రి. నా పీఎఫ్ వస్తది. ఇగో, ఇది చూడుండ్రి" అని ఫోన్ చూపెట్టిండు.

"నాకు అర్థమవుతోందండి. కానీ వేలం ప్రకటన పేపర్లో వేసేశారు. తేదీ మార్చడం నా చేతుల్లో లేదు. ఆగస్టు నుంచి మూడు ఉత్తరాలు పంపించాం, ఫోన్లు చేశాం. మీరు ఎత్తలేదు కదండి. రేపు సాయంత్రం ఐదు లోపు మొత్తం కట్టేస్తే మాత్రం నగ మీ చేతికిచ్చేస్తాను."

"వడ్డీ ఒక్కటి కడితే మల్ల రాసుకోరా? ఇంతకుముందు రాసుకున్నరు."

"గడువు దాటిపోయింది కదండి, ఇప్పుడు అలా కుదరదు. ఇంట్లో ఎవరినైనా అడిగి చూడండి. నాలుగు చేతులు పడితే మూడు లక్షలు పెద్ద విషయం కాదు."

ఇంట్ల అడిగి చూడమన్నడు. అదొక్కటే కాని పని. గోవర్ధన్ ఇంటికొచ్చి, అన్నం ముందల కూసొని, రెండుసార్లు రుక్కమ్మా అని పిలిచిండు. ఏందయ్యా అంటే, మజ్జిగ పొయ్యి అన్నడు. మరునాడు సాయంత్రం ఐదయింది. ఆయన హైవే పక్కన స్కూటర్ ఆపి, డిక్కీ మీద చెయ్యి పెట్టి, ఆరున్నర దాక నిలబడ్డడు. ఆ పిరికితనాన్ని ఏమనాల్నో నాకు తెల్వది. వందల టన్నులు మోసిన మనిషి ఒక్క మాట మొయ్యలేకపోయిండు.

పదో తారీఖు పోయింది. పన్నెండో తారీఖు పొద్దుగాల ఫోన్ మోగింది. పీఎఫ్ ఐదు లక్షల తొంబై వేలు ఖాతాల పడ్డయి.

అప్పటికీ ఆశ. ఏమో, ఎవరూ కొనలేదేమో అని ఉరికిండు. శివరామకృష్ణ కుర్చీ చూపెట్టి, ఒక కాయితం ముందర పెట్టిండు. వేలంల ఐదు లక్షల నలభై ఐదు వేలు పలికింది. బాకీ మూడు లక్షల పన్నెండు వేలు పోంగ మిగులు రెండు లక్షల ముప్పై మూడు వేలు.

"మిగిలింది వారంలో మీ ఖాతాలో పడుతుందండి. ఇక్కడొక సంతకం" అన్నడు. గోవర్ధన్ సంతకం పెట్టిండు. పక్క కౌంటర్ల ఎవలో నగ తూకం వేయించుకుంటున్నరు.

ఆ రోజు సాయంత్రం కీర్తన పనికెళ్లి వచ్చి, చెప్పులిడిసి, పీఎఫ్ మెసేజ్ చూసి నవ్వుకుంట లోపలికొచ్చింది. నోట్‌బుక్ తెచ్చింది. గోవర్ధన్ ఆ నోట్‌బుక్ మీద వేలం కాయితం పెట్టిండు. అప్పుడు చెప్పిండు. లక్ష ఎట్ల లక్షా యాభై అయింది, అది ఎట్ల రెండు నలభై అయింది, ఉత్తరం ఎక్కడ దాచింది, మొత్తం చెప్పిండు. ఆరేండ్ల అబద్ధం చెప్పెటందుకు పది నిమిషాలు గూడ పట్టలే.

కీర్తన ఆ కాయితం చానా సేపు చదివింది. "ఇరవై రెండు శాతం. నాకు పన్నెండని చెప్పినవ్. గీ తొంబై వేలు ఎప్పుడు తీసినవ్?"

"నీ రెండో ఏడు ఫీజుకు."

కీర్తన నోట్‌బుక్ మూసింది. "ఒక్క మాట చెప్పేది ఉండె బాపు. గ్రాట్యుటీ వచ్చిన నాడు రెండు ఎనభై ఐదు చేతుల ఉండె. నా ఖాతాల ముప్పై వేలు ఉండె. రెండు కలిపితే మూడు పదిహేను. అత్త గుండ్లపేరు ఆ రోజే ఇంట్ల ఉండేది. పాండు సేటు వడ్డీ ఇంకో నెల కడితే మూడు వేలు పోయేది, అంతే. నేను లెక్క మంచిగనే ఏసిన. నువ్వే నాకు తప్పు అంకె ఇచ్చినవ్."

"అవు" అన్నడు గోవర్ధన్. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాక తెచ్చింది తనే.

రుక్కమ్మ గోడకు ఆనుకొని కూసున్నది. గోవర్ధన్ ఆమె దిక్కు చూడకుండ, "మిగులు రెండు లక్షల ముప్పై మూడు వేలు వస్తయి. అవి అక్కకు ఇచ్చి కాళ్లు పట్టుకుంట. ఆమె ఇచ్చిననాడు దాని ధర లక్షా డెబ్బై గూడ లేకుండె" అన్నడు.

"ఆమె నీకు పైసలిచ్చిందా?" అన్నది రుక్కమ్మ.

"లేదు."

"మెడలకెళ్లి తీసిచ్చిననాడు నేను పక్కన్నే ఉన్న. ఆమె ధర చెప్పలే, వడ్డీ చెప్పలే, కాయితం అడగలే. ఆడబిడ్డ సొమ్ము ఈ ఇంటి స్లాబుల ఉంది, నీ బిడ్డ చదువుల ఉంది. సొమ్ముకు సొమ్ము ఇయ్యాలె. ఐదు తులాలకు ఐదు తులాలు."

"ఇప్పుడు తులం లక్షా ఇరవై ఉంది అవ్వా" అన్నది కీర్తన. ఫోన్ల లెక్క చూసింది. "ఐదు తులాలు ఆరు లక్షలు. తయారీ కూలి, జీఎస్టీ కలిపితే ఆరు లక్షల ఎనభై వేలు. జర ఆగితే ధర తగ్గుతదేమో."

"ఆగి ఆగే గిక్కడి దాక వచ్చింది."

"మరి ఇల్లు?"

రుక్కమ్మ మొఖం తిప్పుకున్నది. "ఇల్లు ఎక్కడికి పోతది. తిన్న కాడికి తిని కిస్తీ కడ్దాం" అన్నది. అని, లేచి వంటింట్లకు పోయింది. తలుపు వేసుకోలే, ఏడ్చిన చప్పుడు గూడ రాలే. కానీ ఆ రోజు నుంచి పదిహేను రోజులు ఆమె మొగనితోటి మాట్లాడలే. అన్నం పెట్టేది, మజ్జిగ పోసేది, మాట ఒక్కటి పెట్టకపోయేది. క్యాలెండర్ మీద బొట్లు గూడ పెట్టుడు బంద్ చేసింది. తిట్టినా బాగుండు అనిపించేది గోవర్ధన్‌కు.

కీర్తన నోట్‌బుక్కుల కొత్త పేజీ తీసింది. పైన 'అత్త, ఐదు తులాలు' అని రాసింది. వడ్డీ రాసే కాడ ఏం రాయాల్నో తెల్వక ఖాళీగ ఇడిసింది. ఐదు తొంబై పీఎఫ్, తొమ్మిది వేలు పాతయి, మిగులు రెండు ముప్పై మూడు. మొత్తం ఎనిమిది లక్షల ముప్పై రెండు వేలు. ఆరు ఎనభై పోతె లక్షా యాభై రెండు వేలు. ఇంటి ఖర్చు, కిస్తీ కలిపి నెలకు ఇరవై ఐదు వేలు పెట్టుకుంటే సరిగ్గ ఆరు నెలలకు వస్తయి.

"ఈ లక్షన్నర ముట్టొద్దు బాపు. నా పేరు, నీ పేరు కలిపి డిపాజిట్ ఏద్దాం. ఇద్దరి సంతకం లేందే రాకుండ" అన్నది. ఇద్దరి సంతకం అన్నప్పుడు ఆమె తండ్రి కండ్లల్లకు చూడలే. ఆయన ధర్మమే అనుకొని తల ఊపిండు.

జనవరిల గోవర్ధన్ కార్ పార్కింగ్ దగ్గర సెక్యూరిటీల చేరిండు, పదమూడున్నర వేలకు. నిన్నటిదాక తన కింద పనిచేసిన పిల్లగాండ్లు బండ్లు పెట్టుకుంట, సార్ మీరిక్కడ, అని నాలుక కరుచుకునెటోళ్లు. ఇంట్ల ఊరికె కూసుంటే ఏం తోస్తలేదురా, అని నవ్వెటోడు.

గుండ్లపేరు కొనెటందుకు గోవర్ధన్, కీర్తన పోయిన్రు. దుకాణపాయన పాన్ కార్డు జిరాక్స్ తీసుకున్నడు, పైసలు బ్యాంకుల్నే పంపిన్రు. చుట్టాలింటి పాత పెండ్లి ఫోటో ఒకటి పట్టుకపోయిన్రు, దుర్గవ్వ మెడ కనిపించేది. గుండ్లు గట్లనే గుండ్రంగ, గంతే సైజుల ఉండాలని కీర్తన దుకాణపాయనను సతాయించింది. హాల్‌మార్క్ ముద్ర, బిల్లు, ఎర్ర డబ్బా. ఫోన్ మీద ఒక్కసారి నొక్కితే పద్దెనిమిదేండ్ల కష్టం పోయింది.

మాఘ మాసం ఒక ఆదివారం దుర్గవ్వ, చెన్నయ్య వచ్చిన్రు. రుక్కమ్మ పొద్దుగాల్నే బియ్యంల పసుపు కలిపి పెట్టింది. కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, అక్కకు పచ్చ పట్టుచీర, బావకు బట్టలు. పదిహేను రోజుల మౌనం ఎప్పుడో తెగింది గనీ, పాత రుక్కమ్మ ఇంక రాలే. ఏ పనైనా ఒకటికి రెండుసార్లు అడిగి, కీర్తననూ అడిగి, చేస్తున్నది.

చెన్నయ్య ముందటి అర్రల టీవీ ముందర కూసున్నడు. లోపలి రూముల దుర్గవ్వ కొత్త చీర కట్టుకున్నంక, గోవర్ధన్ ఎర్ర డబ్బా తెచ్చి చేతుల పెట్టిండు.

దుర్గవ్వ డబ్బా చూసి నవ్వింది. "డబ్బా గూడ తెచ్చినవా, నేను కొంగుకు కట్టి ఇచ్చిన గద" అన్నది. తెరిచింది. గుండ్లపేరు చేతుల పట్టుకున్నది. ఒకసారి పైకి కిందికి ఊపి చూసింది, ఒక గుండును బొటనవేలితోటి రుద్దింది. నవ్వు అట్లనే ఉండి ఉండి పోయింది.

"ఇది నాది గాదు" అన్నది.

"అక్కా..."

"ఇరవై ఏండ్లు మెడల ఏసుకున్న తమ్మీ. నాకు తెల్వదా. నాదేమైంది?"

గోవర్ధన్ చెప్పిండు. ఈసారి ఏదీ తగ్గించలే, ఏదీ దాచలే. టీవీల పాట వస్తున్నది. రుక్కమ్మ తలుపు కాడ కొంగు నోట్ల పెట్టుకొని నిలబడ్డది.

"లక్షకు గద ఇచ్చిన?" అన్నది దుర్గవ్వ.

"రెండు లక్షల నలభై వేల దాక తీసుకున్న."

"ఎవలనడిగి?"

గోవర్ధన్‌ను కంపెనీ ఫోన్ చేసి అడిగింది, ఆయన సరే అన్నడు. నగ ఎవలదో వాళ్లను అడగాలన్న ఆలోచన ఆ రెండుసార్లూ రాలే. అది యాదికొచ్చేటాళ్లకు మొఖం మాడిపోయింది.

"కరోనాల పైసలు లేకుండె అంటే నేను తెచ్చిద్దును. బిడ్డ ఫీజంటే ఇంకా సంతోషంగ ఇద్దును. ఆగస్టుల చెప్పినా మీ బావతోటి కొట్లాడి ఒక ఎడ్ల జత అమ్మి అయినా ఇడిపిద్దును. ఆరేండ్లు ఆయనకు అబద్ధం చెప్పిన, లాకర్ల ఉంది, లాకర్ల ఉంది అని. నీ కోసం చెప్పిన. నువ్వేమో నాకే అబద్ధం చెప్పినవా." ఆమె గొంతు పెరగలే. పెరిగితే అవతల వినిపిస్తదని ఆమెకు తెలుసు.

"ఇంటి లోన్ ఆపి తెచ్చినమక్కా. తులానికి తులం. ఇంకో రవ్వంత ఎక్కువనే ఉంటది."

"ఎరికైంది లే. డబ్బాల బిల్లు గూడ ఉంది." ఆమె బిల్లు మడత పెట్టి రుక్కమ్మ చేతికిచ్చింది. "ఇది నా దగ్గర ఉంటే మీ బావ చూస్తడు."

గుండ్లపేరు తనే మెడల వేసుకున్నది. కొంగు సర్దుకొని, మొఖం తుడుచుకొని, పీట మీద కూసున్నది. గోవర్ధన్, రుక్కమ్మ దోసిళ్లతోటి ఒడిల బియ్యం పోసిన్రు. కీర్తన హారతి పట్టింది. పసుపు బియ్యం మీద కొత్త గుండ్లు మస్తు మెరుస్తున్నయి.

"లాకర్ల పెట్టినంక ఇంక మెరుగొచ్చిందేందే" అన్నడు చెన్నయ్య, వక్క నములుకుంట.

"సబ్బు పెట్టి కడిగిన" అన్నది దుర్గవ్వ.

తిన్నంక చెన్నయ్య బావమరిది భుజం మీద చెయ్యేసిండు. "ఏం గోవర్ధన్, పైసలన్నీ వచ్చినయట గద. అప్పులు తీర్చినవా? ఇంటి కాయితాలు వచ్చినయా?"

"కొన్ని తీర్చిన బావా. ఇంటిది జర ఉంది."

"నిమ్మళంగ తీర్చు. నిన్ను తరుముకొచ్చెటోళ్లు ఎవలున్నరు" అని ఆటోల ముందు సీట్ల కూసున్నడు.

దుర్గవ్వ గడప దిగేముందు ఆనవాయితీ ప్రకారం ఒడిలకెళ్లి ఇన్ని బియ్యం తీసి పుట్టింటి కుండల పోసింది. పుట్టిల్లు సల్లగుండాలె అన్నది. రుక్కమ్మ గదువ పట్టుకున్నది, కీర్తన తల నిమిరింది. తర్వాత తమ్ముని ముందర నిలబడ్డది. గోవర్ధన్ తిట్టు కోసం ఎదురుచూసిండు. చెంప మీద కొట్టినా తీసుకునెటోడే.

"మొత్తం ఇచ్చినవ్" అన్నది. "నీ బాకీ తీరింది తమ్మీ. ఇగ నీకు నాకు ఏం లేదు."

ఆటో మంఖాల్ దిక్కు మళ్లింది. గోవర్ధన్ వాకిట్ల నిలబడి అటే చూస్తున్నడు. రుక్కమ్మ వచ్చి, వదినె ఏమన్నది అని అడిగింది.

"బాకీ తీరిందన్నది" అన్నడు.

రుక్కమ్మకు అర్థమయింది. ఆమె ఆయన పక్కనే గడప మీద కూలబడి, ఇంటి కాయితాల కోసం గూడ ఏడ్వని ఏడుపు అప్పుడు ఏడ్చింది.